తెల్లబడిన పగడం చచ్చినట్టేనా?

నల్లపూసల మధ్య గుచ్చిన పగడం అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి కూతురికి వచ్చినా ఎరుపు పోదు. కుజదోషానికని వేలికి పెట్టుకున్న పగడమూ అంతే. ఆ ఎరుపు దాని ఎముకలోనే ఉంది కాబట్టి. నగల్లో వాడే ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రంలో, వెలుతురు తక్కువగా ఉండే చోట్ల పెరిగే జీవి. లక్షదీవుల చుట్టూ సముద్రంలో దిబ్బలు కట్టే పగడం దానికి దూరపు చుట్టం మాత్రమే. ఈ దిబ్బ పగడం ఎముక సున్నంతో చేసినది, తెల్లగా ఉంటుంది. గోధుమ, ఆకుపచ్చ, ఊదా లాంటి రంగులన్నీ ఆ ఎముక మీద కప్పుకున్న పల్చటి ఒంటిలో ఉంటాయి. అందులోనూ గోధుమ రంగు పగడానిది కానే కాదు. ఆ ఒంటిలో కాపురముండే మరో జీవిది.

ఆ కాపురం చెడి, లోపలి జీవి వెళ్లిపోతే పగడం ఒళ్లు గాజులా పారదర్శకమవుతుంది. దాని కిందున్న తెల్లటి సున్నం బయటికి కనిపిస్తుంది. దీన్నే బ్లీచింగ్ అంటున్నారు. ఈ మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. బట్టకు రంగు వెలిసినట్టు ఇక్కడ ఏదీ వెలిసిపోవడం లేదు. ఒక ఇంట్లో రోజూ పొయ్యి వెలిగించే మనిషి వెళ్లిపోయింది. ఇల్లు ఇంకా ఉంది, ఇంటివాళ్లూ బతికే ఉన్నారు. ఎన్నాళ్లు ఉండగలరన్నదే ప్రశ్న.

పగడం అంటే మనం చూసే కొమ్మో బండో అంతా ఒకే జీవి కాదు. సాధారణంగా కొన్ని మిల్లీమీటర్ల వెడల్పుండే పాలిప్‌లు వేల సంఖ్యలో పక్కపక్కన అంటుకుని ఉన్న కాలనీ అది. ఒక్కో పాలిప్ ఒక చిన్న సంచి. పైన నోరు, నోటి చుట్టూ మీసాల్లాంటి స్పర్శకాలు. ఆ సంచి లోపలి పొర కణాల్లో ఏకకణ శైవలాలు ఉంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో దాదాపు నూరో వంతు. గోరంత చోటులో పది లక్షలకు పైగా ఉండొచ్చు. అవి ఎండను పట్టి చక్కెర తయారుచేస్తాయి. తయారైనదాంట్లో ఎక్కువ భాగం పగడానికి ఇచ్చేస్తాయి. ఎండ బాగా తగిలేచోట పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఇలాగే అందుతుంది. బదులుగా పగడం వాటికి ఉండటానికి చోటు, బొగ్గుపులుసు వాయువు, తన ఒంట్లో వ్యర్థంగా పుట్టే అమ్మోనియా ఇస్తుంది. ఆ అమ్మోనియాలోని నైట్రోజనే శైవలానికి ఎరువు.

పోషకాలు దాదాపు లేని నీలి నీళ్లలో అంత పెద్ద దిబ్బలు లేవడానికి ఈ ఇచ్చిపుచ్చుకోవడమే కారణం. ఆ నీళ్లలో ఎరువు దొరకదు, ఉన్నదాన్నే ఇద్దరూ తిప్పితిప్పి వాడుకుంటారు. మన కోస్తాలో అలాంటి పెద్ద దిబ్బలు ఎందుకు లేవన్నదానికీ జవాబు ఇక్కడే ఉంది. గోదావరి, కృష్ణా తెచ్చిపోసే ఒండ్రు, మంచినీళ్లు కలిసిన బురద నీటిలో శైవలానికి ఎండ అందదు, పగడానికి ఊపిరాడదు.

ఇక ఈ కాపురం ఎలా చెడుతుందో చూద్దాం. మామూలుగా చెప్పే కథ ఇలా సాగుతుంది. పిండిమర పైన తొట్టిలోంచి గింజలు పడుతూనే ఉన్నాయి, కింద రాయి మాత్రం సరిగా తిరగడం లేదనుకోండి. వేడెక్కిన నీటిలో శైవలం పరిస్థితి అదే. ఎండ పట్టే పని ఆగదు. పట్టిన శక్తిని చక్కెరగా మార్చే దశ మందగిస్తుంది. ఎండ దెబ్బకు రోజూ పాడయ్యే కిరణజన్య యంత్రాంగాన్ని రోజూ బాగుచేసుకునే పని కూడా వెనకబడుతుంది. వాడకానికి నోచుకోని శక్తి ఆక్సిజన్ మీదికి మళ్లి, దాన్ని కణాలను కాల్చే రూపాల్లోకి మారుస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ అలాంటిదే. అది శైవలం లోపలే ఉండిపోదు, పగడం కణంలోకి కూడా కారుతుంది. అన్నం పెట్టే చెయ్యే విషం పెడుతున్నట్టవుతుంది. దాంతో పగడం శైవలాన్ని కణంలోంచి బయటికి నెట్టేస్తుంది, లేదా శైవలంతో పాటు ఆ కణమే ఊడిపోతుంది, లేదా కణం తనను తాను చంపుకుంటుంది. చివరికి శైవలాలు నోటి గుండా సముద్రంలోకి పోతాయి.

ఇందులో వేడితో పాటు ఎండ పాత్ర కూడా ఉందని గమనించాలి. నీరు వేడెక్కి, గాలి ఆగిపోయి, మబ్బు లేకుండా, అద్దంలా నిలిచిన సముద్రంలో బ్లీచింగ్ ఎక్కువ. ఒకే కాలనీలో ఎండ పడే పైభాగం తెల్లబడి, నీడనున్న అడుగుభాగం గోధుమ రంగులోనే ఉండటం తరచుగా కనిపిస్తుంది.

అయితే ఈ కథ సగమేనని ఇప్పుడు తెలుస్తోంది. ఎర్ర సముద్రపు పగడం ఒకదానిపై చేసి 2021లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, తెల్లబడటానికి చాలా ముందే కాపురంలో లెక్కలు తప్పుతాయి. వేడికి పగడం ఒంట్లో ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు భరించడానికి అది తన ప్రోటీన్లను కరిగించుకుంటుంది. అలా కరిగించినప్పుడు అమ్మోనియా ఎక్కువగా విడుదలవుతుంది. అప్పటిదాకా ఎరువు చాలక పొదుపుగా బతికిన శైవలానికి ఒక్కసారిగా ఎరువు దొరుకుతుంది. అది తన ఎదుగుదల చూసుకుంటుంది, చక్కెరను పగడానికి ఇవ్వకుండా తనకే వాడుకుంటుంది. పగడానికి ఆకలి ఇంకా పెరుగుతుంది, ప్రోటీన్లు ఇంకా కరుగుతాయి, ఎరువు ఇంకా పెరుగుతుంది. అంటే శైవలాలు ఒంట్లో నిండుగా ఉండగానే, చూడటానికి ఆరోగ్యంగా ఉండగానే పగడం పస్తులు మొదలుపెట్టి ఉండొచ్చు. నాకు ఈ రెండో కథే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది. తీరం నుంచి మురుగు, ఎరువుల నీరు కలిసేచోట పగడాలు తక్కువ వేడికే ఎందుకు తెల్లబడతాయో ఇది చక్కగా వివరిస్తుంది. అక్కడ కాపురం లెక్కలు ముందే చెడి ఉంటాయి.

మరి ఎంత వేడి? అంకె వింటే ఆశ్చర్యమేస్తుంది. ఆ చోట ఏడాదిలో అన్నిటికన్నా వేడి నెల సగటు కన్నా ఒక్క డిగ్రీ. దిబ్బ పగడాలు తమ సహనానికి అంచునే బతుకుతున్నాయన్నమాట. కానీ ఒక్క రోజు ఒక డిగ్రీ దాటితే ఏమీ కాదు. ఎంత వేడి, ఎన్నాళ్లు అన్న రెండూ కలిపి లెక్కించాలి. అందుకు వాడే కొలమానం డిగ్రీ హీటింగ్ వీక్స్. ఒక చోట వేసవి నెల సగటు 30 డిగ్రీలు అనుకుందాం. నీరు 31 డిగ్రీల దగ్గర వారం ఉంటే ఖాతాలో ఒకటి పడుతుంది. 32 దగ్గర వారం ఉంటే రెండు. 30.5 దగ్గర ఎన్ని వారాలున్నా లెక్కలోకి రాదు. గడిచిన 12 వారాల్లో పడినదంతా కూడతారు. మొత్తం 4కు చేరితే చెప్పుకోదగ్గ బ్లీచింగ్ వస్తుంది. 8 దాటితే బ్లీచింగ్ తీవ్రమై చావులు మొదలవుతాయి. 31 డిగ్రీల దగ్గర నాలుగు వారాలైనా, 32 దగ్గర రెండు వారాలైనా ఈ లెక్కకు ఒకటే. అమెరికా సముద్ర వాతావరణ సంస్థ ఈ కొలమానంలో పై హెచ్చరిక 8 దగ్గరే ఆపేది. 2023లో ఎదురైన వేడికి అది చాలక, 20 దాకా వెళ్లే కొత్త మెట్లు కలపాల్సి వచ్చింది.

భారతదేశపు దిబ్బలకు ఈ లెక్క కట్టేది హైదరాబాద్‌లోనే. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, ప్రగతినగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 2011 నుంచి ఉపగ్రహాలు కొలిచిన నీటి ఉపరితల ఉష్ణోగ్రతతో అండమాన్ నికోబార్, లక్షదీవులు, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ దిబ్బలకు బ్లీచింగ్ హెచ్చరికలు ఇస్తోంది. ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. ఉపగ్రహం చూసేది నీటి పైపొరను. దిబ్బ మీద ఏ జాతి పగడం ఉందో, కెరటం ఎంత తగులుతోందో దానికి తెలియదు. మ్యాపు మీద ఎర్రగా ఉన్నచోట ఒక దిబ్బ తెల్లబడి, పక్క దిబ్బ బాగానే ఉండొచ్చు. అందుకే చివరికి ఎవరో ఒకరు నీళ్లలోకి దిగి చూడాల్సిందే.

దిగినవాళ్లు చూసేదేమిటి? తెల్లగా ఉన్నదంతా చచ్చినది కాదు. బ్లీచ్ అయిన పగడాన్ని దగ్గరగా చూస్తే ఎముక మీద జారుడు పొర, గాజు మీసాల్లాంటి స్పర్శకాలు కనిపిస్తాయి. అది బతికే ఉంది. చచ్చినదానికి ఆ పొర ఉండదు, సున్నపు గుంటల అంచులు పదునుగా, బోసిగా ఉంటాయి. ఆ బోసితనం కూడా ఎక్కువ కాలం నిలవదు. కొద్ది రోజుల్లోనే దానిపై పచ్చటి, గోధుమ రంగు నూగులా నాచు పడుతుంది. అప్పుడు చూసినవారికి రంగు తిరిగి వచ్చిందన్న భ్రమ కలగొచ్చు. ఇంకొన్ని పగడాలు తెల్లబడే ముందు మెరిసే నీలం, గులాబీ రంగుల్లోకి మారతాయి. చూడటానికి పండగలా ఉంటుంది. గోధుమ తెర తొలగాక లోపలికి దూసుకొచ్చే ఎండ నుంచి కాపాడుకోవడానికి పగడం తయారుచేసుకునే రంగులవి.

తెల్లబడ్డాక బతకడం మూడు విషయాల మీద ఆధారపడుతుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వు, స్పర్శకాలతో ఏరుకు తినగలిగే ప్లవకాలు, నీరు ఎంత త్వరగా చల్లబడుతుందన్నది. లక్షదీవుల్లో ఏప్రిల్, మే నెలల వేడి తర్వాత నైరుతి రుతుపవనాలు మబ్బునూ కెరటాన్నీ తెచ్చి సముద్రాన్ని చల్లబరుస్తాయి. అవి వచ్చేదాకా ఓర్చుకోగలిగిన పగడంలో, మిగిలిపోయిన కొద్దిపాటి శైవలాలే మళ్లీ పెరిగి వారాల్లోనో నెలల్లోనో రంగు తెస్తాయి. మందపాటి ఒళ్లున్న బండ పగడాలు, ముఖ్యంగా పోరైటిస్, ఇలా నిలబడతాయి. పల్చటి ఒళ్లు, చురుకైన పెరుగుదల ఉన్న కొమ్మ పగడాలు, బల్ల పగడాలు, అంటే అక్రోపోరా, ముందుగా పోతాయి. కోలుకున్నదీ వెంటనే మామూలైపోదు. తరువాతి ఏడాది దానికి గుడ్లు పెట్టే శక్తి ఉండకపోవచ్చు.

ఇక్కడ ఒక మాటను విడగొట్టి చూడాలి. పగడం కోలుకోవడం వేరు, దిబ్బ కోలుకోవడం వేరు. మొదటిది నెలల పని. రెండోది చచ్చినవాటి స్థానంలో కొత్తవి పుట్టి పెరగడం. లార్వాలు ఎక్కడినుంచో కొట్టుకొచ్చి గట్టి నేల వెతుక్కోవాలి. నాచు నూగులో అవి అంటుకోలేవు, కాబట్టి నాచును గీకి తినే చిలక చేపల్లాంటివి ఉండాలి. చచ్చిన కొమ్మలు విరిగి కంకరైతే, కెరటానికి దొర్లే ఆ కంకర మీద అంటుకున్న పిల్ల పగడాలు నలిగిపోతాయి. ఇవన్నీ దాటాక కొమ్మ పగడం ఏడాదికి పది సెంటీమీటర్లయినా పెరగొచ్చేమో గాని, పోరైటిస్ ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే గొప్ప.

ఈ పని ప్రశాంతంగా సాగితే ఏమవుతుందో ఆస్ట్రేలియా వాయవ్య తీరానికి 250 కిలోమీటర్లకు పైగా దూరంలో, నడిసముద్రంలో ఉన్న స్కాట్ రీఫ్ చూపించింది. 1998 వేడికి అక్కడ పగడం పరచుకున్న విస్తీర్ణం 9 శాతానికి పడిపోయింది. లార్వాలు పంపే ఇరుగుపొరుగు దిబ్బలు లేవు. ఆరేళ్లపాటు కొత్త లార్వాల రాక 94 శాతం తగ్గిపోయింది. ఇక లేవదనే అనుకోవాలి. కానీ మిగిలిన కాలనీలు పెరిగి, పెద్దవై, అవే పిల్లల్ని కన్నాయి. 12 ఏళ్లలో విస్తీర్ణం 44 శాతానికి చేరింది. చుట్టుపక్కల మనుషుల ఒత్తిడి లేకపోవడమే దాన్ని కాపాడిందని పరిశోధకులు తేల్చారు. 2016లో మళ్లీ వేడి వచ్చింది, పగడం మళ్లీ పోయింది.

లక్షదీవుల కథ దీనికి దగ్గరగా మొదలై వేరే దారి పట్టింది. 1998లో అక్కడా భారీగా చావులు జరిగాయి. అయితే అక్కడి జాలర్లు గాలం కర్రలతో నడిసముద్రంలో ట్యూనా పట్టేవాళ్లు. దిబ్బ చేపల జోలికి పెద్దగా పోయేవారు కాదు. నాచు తినే చేపలు దండిగా ఉండటంతో తర్వాతి పుష్కరంలో చాలా దిబ్బలు లేచాయి. 2010లో మళ్లీ బ్లీచింగ్. 2016లో మరోసారి. అగత్తి, కద్మత్, కవరత్తి దిబ్బలను 24 ఏళ్లు గమనించిన పరిశోధకులు 2025లో ప్రచురించిన ఫలితం ప్రకారం పగడాల విస్తీర్ణం 1998లో 37 శాతం దగ్గర ఉండేది, 2022 నాటికి 20 శాతం లోపుకు వచ్చింది. అంటే దాదాపు సగం.

ఆ లెక్కల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇది కాదు. ఒక్కో వేడి తరంగానికి జరిగే నష్టం క్రమంగా తగ్గుతూ వచ్చింది. పగడాలు రాటుదేలుతున్నాయని దీన్ని చదువుకోవచ్చు, కొంత నిజం కూడా కావచ్చు. కానీ వేడికి తాళలేని జాతులు మొదటి దెబ్బకే పోతే, రెండో దెబ్బకు పోవడానికి మిగిలినవి తక్కువే ఉంటాయి. అదే లెక్కల్లో రెండో సగం చూస్తే, దెబ్బ తర్వాత కోలుకునే వేగం కూడా ప్రతిసారీ తగ్గింది. పోయినవి ఎక్కువగా త్వరగా పెరిగే అక్రోపోరాలు, మిగిలినవి ఓర్చుకునే, మెల్లగా పెరిగే రకాలు. తక్కువగా చచ్చే దిబ్బే తక్కువగా పెరిగే దిబ్బ కూడా అయింది.

శైవలాన్ని మార్చుకోవడంలోనూ ఇలాంటి బేరమే ఉంది. ఈ శైవలాలన్నీ ఒకే రకం కావు. డురుస్‌డినియం అనే రకం వేడికి తట్టుకుంటుంది. బ్లీచింగ్ తర్వాత కొన్ని పగడాల్లో ఆ రకం పెరిగి, పగడం సహనం 1 నుంచి 1.5 డిగ్రీల దాకా పెరిగినట్టు పరిశోధకులు రే బెర్కెల్‌మాన్స్, మడలిన్ వాన్ ఓపెన్ 2006లో గ్రేట్ బ్యారియర్ రీఫ్ పగడాలపై చూపించారు. బాగానే ఉంది. కానీ ఈ కొత్త కాపురస్థుడు పాత దానంత ధారాళంగా పెట్టదు, పగడం పెరుగుదల తగ్గుతుంది. పైగా అన్ని జాతులూ ఇలా మార్చుకోలేవు. సముద్రం చల్లగా ఉన్న ఏళ్లు వరసగా వస్తే కొన్నిట్లో పాత రకమే మళ్లీ పైచేయి సాధిస్తుంది.

నర్సరీల్లో పెంచి నాటే ప్రయత్నాల గురించి అడిగేవాళ్లుంటారు. ఒక చిన్న దిబ్బ అంచునో, తెగిన చోటునో అతకడానికి అవి పనికొస్తాయి. నాటిన కొమ్మకు కూడా తగిలేది అదే సముద్రం, అదే వేడి. 2023 వేసవిలో ఫ్లోరిడాలో నీరు వేడెక్కినప్పుడు సముద్రంలోని నర్సరీల నుంచి పగడాలను తీసి, నేల మీది తొట్లలోకి తరలించాల్సి వచ్చింది.

కాబట్టి దిబ్బలు కోలుకోగలవా అన్న ప్రశ్నకు జవాబు రెండు వేడి తరంగాల మధ్య ఎన్నేళ్లు దొరుకుతాయన్న దాంట్లో ఉంది. లక్షదీవుల్లో 1998కీ 2010కీ మధ్య 12 ఏళ్లు. 2010కీ 2016కీ మధ్య 6. తర్వాత 8 ఏళ్లకు మళ్లీ వచ్చింది. 2023 అక్టోబర్ చివరి నుంచి అక్కడి సముద్రం వేడెక్కుతూ వచ్చి, డిగ్రీ హీటింగ్ వీక్స్ 4 దాటింది. 2024 మేలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ బృందాలు దిగి చూస్తే దిబ్బలు తీవ్రంగా తెల్లబడి ఉన్నాయి. 2023 నుంచి 2025 మార్చి వరకు ప్రపంచంలోని దిబ్బల్లో 84 శాతం విస్తీర్ణానికి బ్లీచింగ్ స్థాయి వేడి తగిలింది. లక్షదీవులది అందులో ఒక భాగం.

ఆ 24 ఏళ్ల లెక్కల్లో ఇంకొకటి ఉంది. వేడి తరంగం లేకుండా వరసగా ఆరేళ్లు గడిచాకే అక్కడి పగడాల పెరుగుదల చెప్పుకోదగ్గంత పుంజుకుంది. 2024 నుంచి లెక్కపెడితే అది 2030. అప్పటిదాకా ప్రతి ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో కట్టే ఆ వారాల కూడిక 4కు దిగువనే ఆగాలి.